పోయిన లైను, తేలని లైను

భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు. చెరువుల రైతులకు, ఐస్ ఫ్యాక్టరీలకు, లారీల వాళ్లకు, అట్టపెట్టెల సప్లయర్లకు కలిపి శుక్రవారం రాత్రి పది దాటాక 120 లైన్ల పేమెంట్ ఫైలు బ్యాంకు పోర్టల్లో అప్రూవ్ అయింది. మొత్తం ₹96,40,000. శనివారం ఉదయం రిపోర్టు తీస్తే అందులో 109 లైన్లకే 'Success' అని ఉంది. కొనుగోళ్లు చూసే రాజు గారికి, అకౌంట్స్ చూసే పద్మ గారికి మధ్య జరిగిన మాటలివి. ప్లాంటు, మనుషులు, ఫైల్లోని అంకెలు ఉదాహరణకు నేను వేసుకున్నవి. బ్యాంకు పద్ధతులు, రిజర్వు బ్యాంకు నిబంధనలు మాత్రం ఉన్నవే. ఈ తగవులో ఇద్దరి మాటకూ బలం ఉందని నా నమ్మకం. అందుకే ఎవరి వాదననూ కుదించలేదు.

రాజు: పద్మ గారూ, పొద్దున్నుంచీ ఫోను ఆగట్లేదండి. పదకొండు మందికి డబ్బులు పడలేదు. ఆ పదకొండు లైన్లు తీసి ఇంకో ఫైలు చేయించండి. పది నిమిషాల పని.

పద్మ: పదకొండు అని ఎలా లెక్కేశారండీ?

రాజు: నూట ఇరవైలో నూట తొమ్మిది పోతే పదకొండే కదా.

పద్మ: తీసివేత సరిగ్గానే ఉంది. కానీ ఆ పదకొండూ ఒక రకం కాదు. నాలుగింటిని బ్యాంకు అసలు లోపలికే తీసుకోలేదు. ఇంకో నాలుగు వెళ్లి తిరిగొచ్చాయని రిపోర్టు చెబుతోంది. మిగతా మూడింటి పక్కన 'Pending' అని ఉంది. మీరు మూడు రకాలనూ కలిపి 'పడలేదు' అంటున్నారు. నా లెక్కలో మొదటి నాలుగే ఖాయంగా పడనివి. తర్వాతి నాలుగింటికి రుజువు కావాలి. చివరి మూడు పడ్డాయో లేదో ఈ నిమిషంలో నాకూ తెలియదు, మీకూ తెలియదు.

రాజు: పడి ఉంటే వాళ్లు నాకెందుకు ఫోన్ చేస్తారండీ?

పద్మ: ఆ మాటకు తర్వాత వస్తాను. ముందు తేలికైనవి తేల్చేద్దాం. ఎక్కించేటప్పుడే తిరస్కరించిన నాలుగు చూడండి. రెండింట్లో ఐఎఫ్‌ఎస్‌సీ `ANDB`తో మొదలవుతోంది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఆ పాత కోడ్లు ఆగిపోయి ఏళ్లయింది. ఈ రైతులిద్దరూ చాలా కాలం తర్వాత మళ్లీ మనకు సరుకు వేశారు, వెండర్ మాస్టర్లో పాత కోడే ఉండిపోయింది. ఒకటి ₹22,000, ఇంకోటి ₹18,000. మూడోది ₹30,000. దాని ఖాతా నంబరు స్థానంలో `3.12E+10` అని ఉంది, ఎక్సెల్ చేసిన పని అది. నాలుగోది ₹1,40,000, ఆర్‌టీజీఎస్ అని గుర్తు పెట్టారు. ఆర్‌టీజీఎస్‌లో రెండు లక్షల లోపు మొత్తం పంపడానికి వీల్లేదు. నాలుగూ కలిపితే ₹2,10,000.

రాజు: వీటికైనా అనుమానం లేదుగా? రిపోర్టులో 'Rejected' అని స్పష్టంగా ఉంది.

పద్మ: రిపోర్టు ఒక్కటే చూసి ఒప్పుకోను. స్టేట్‌మెంట్ చూస్తాను. మన బ్యాంకు ఫైలుకంతటికీ కలిపి ఒకే డెబిట్ వేస్తుంది. శుక్రవారం రాత్రి ఆ డెబిట్ ₹94,30,000. ఫైలు మొత్తం ₹96,40,000. తేడా సరిగ్గా ₹2,10,000. అంటే ఈ నాలుగింటి డబ్బు మన ఖాతా దాటి అడుగు బయట పెట్టలేదు. ఇప్పుడు ఒప్పుకుంటాను. కారణం సరిచేసి ఇవాళే పంపొచ్చు, మీరు చెప్పినట్టు పది నిమిషాల్లో.

రాజు: చూశారా, ఇవి నిన్న రాత్రే తెలిసి ఉండాల్సింది. ఎక్కించిన ఐదు నిమిషాలకే తిరస్కరణ రిపోర్టు వస్తుంది. అది ఎవరూ తెరవలేదు. ₹18,000 కోసం ఎదురుచూసే చిన్న రైతు రాత్రంతా ఎందుకు ఆగాలండీ? మీ జాగ్రత్త అంతా రెండోసారి పోకుండా చూడడానికే సరిపోతోంది. మొదటిసారే పడకపోతే వాళ్లకేమవుతుందో దాన్ని ఎవరూ లెక్కలో వేయరు.

పద్మ: అది న్యాయమైన మాట. తిరస్కరణ రిపోర్టు అప్రూవ్ చేయకముందే చూడాలి, నాలుగు లైన్లు సరిచేసి అదే ఫైల్లో పంపాలి. ఇకనుంచి అలాగే చేయిస్తాను. ఇక తిరిగొచ్చిన నాలుగు. ₹1,20,000, ₹90,000, ₹82,000, ₹48,000. మొత్తం ₹3,40,000. రిపోర్టులో నాలుగింటి పక్కనా 'Returned' అని ఉంది. నా చేతిలో ఉన్న స్టేట్‌మెంట్లో మాత్రం మూడే క్రెడిట్లు కనిపిస్తున్నాయి, ₹2,58,000. ₹82,000 రాలేదు.

రాజు: రిపోర్టు తిరిగొచ్చిందని చెబుతుంటే ఇంకేం కావాలండీ?

పద్మ: డబ్బు కావాలి. రిపోర్టు ఒక మాట చెబుతుంది, స్టేట్‌మెంట్ డబ్బు చూపిస్తుంది. రెండూ కలవనప్పుడు స్టేట్‌మెంట్ వైపే నేనుంటాను. ₹82,000 మన ఖాతాకు తిరిగి రాలేదంటే అది ఇంకా ఎక్కడో ఉంది. వెళ్లిన చోటే ఉండొచ్చు కూడా.

రాజు: ఆ స్టేట్‌మెంట్ ఏ తేదీ వరకు తీశారు?

పద్మ: శుక్రవారం వరకు.

రాజు: ఎన్‌ఈఎఫ్‌టీ అర్ధరాత్రి ఆగదు కదండీ. 2019 డిసెంబరు నుంచి ఆదివారాలతో సహా రోజంతా నడుస్తోంది, అరగంటకొక బ్యాచ్. మనం అప్రూవ్ చేసింది పది దాటాక. పదిన్నర బ్యాచ్‌లో వెళ్లి ఉంటే, అవతలి బ్యాంకు ఖాతాలో వేయలేకపోతే రెండు గంటల్లోపు వెనక్కి పంపాలని నిబంధన. అంటే పన్నెండున్నర దాకా టైముంది. పన్నెండు దాటిన రిటర్న్ శనివారం తేదీతో పడుతుంది. ఇవాళ్టి తేదీ కలిపి మళ్లీ తీయించండి.

పద్మ గారు మళ్లీ తీశారు. పన్నెండు దాటాక వచ్చిన ₹82,000 క్రెడిట్ శనివారం తేదీ కింద ఉంది, నేరేషన్లో మొదటి చెల్లింపు యూటీఆర్ కూడా ఉంది. ఇక్కడ రాజు గారి పక్షాన నేనొక మాట చెప్పాలి. రిటర్న్ కోసం వెతికేటప్పుడు ఫైలు వెళ్లిన తేదీ దగ్గరే ఆగిపోవడం చాలా ఆఫీసుల్లో చూసే లోపం. డెబిట్ ఒక రోజు, రిటర్న్ మరో రోజు పడితే రెండు స్టేట్‌మెంట్లనూ కలిపి చదవాలి.

పద్మ: మంచిది. ఇప్పుడు నాలుగూ రుజువయ్యాయి. యూటీఆర్ పెట్టి ఏ రిటర్న్ ఏ లైనుదో కలిపేశాను. మొత్తం చూసి కలపలేదు, గమనించండి.

రాజు: నాలుగు మొత్తాలూ వేరువేరు. మొత్తం చూసి కలిపితే మాత్రం తప్పేమిటి?

పద్మ: ఈ నాలుగింట్లో తప్పు రాదు. పెండింగ్‌లో ఉన్న మూడింట్లో వస్తుంది. ఐస్ ఫ్యాక్టరీ ఆయనకు ఈ వారం రెండు బిల్లులు, రెండూ ₹46,000. రెండూ ఐఎంపీఎస్‌లో వెళ్లాయి. ఒకటి సక్సెస్, ఒకటి పెండింగ్. ఇప్పుడు మీరు ఆయనకు ఫోన్ చేసి నలభై ఆరు వేలు పడ్డాయా అని అడిగితే పడ్డాయనే అంటాడు. ఆయన చెప్పేది నిజమే. అది ఏ బిల్లు డబ్బో ఆయనకు తెలియదు. ఇంకొకరికి ఫోన్ చేస్తే, మెసేజ్ రాలేదు కాబట్టి పడలేదంటారు. ఆ ఖాతాకు మెసేజ్ వచ్చే ఫోను వాళ్లబ్బాయి దగ్గర హైదరాబాదులో ఉండొచ్చు. మీరిందాక అడిగారు, పడి ఉంటే ఎందుకు ఫోన్ చేస్తారని. ఇందుకే చేస్తారు. వెండర్ మాట ఆచూకీకి పనికొస్తుంది, మళ్లీ డబ్బు పంపడానికి ఆధారం కాదు.

రాజు: మరి ఏది ఆధారం?

పద్మ: మన దగ్గర సరుకు దిగేటప్పుడు మీరేం చేస్తారో ఆలోచించండి. ఒకే రైతు నుంచి వచ్చిన రెండు క్రేట్లు ఒకే బరువు తూగితే బరువు చూసి వాటిని గుర్తిస్తారా, పైన కట్టిన లాట్ ట్యాగ్ చూసి గుర్తిస్తారా? పేమెంట్ లైనుకూ అలాంటి ట్యాగ్ ఉండాలి. పేరు, మొత్తం కలిపి చూసినా అది గుర్తు కాదు. ఫైల్లో ఎన్నో లైను అన్నదీ గుర్తు కాదు. బ్యాంకు రిపోర్టు మన ఫైలు వరసలోనే వస్తుందన్న హామీ లేదు. ఎవరో ఒకరు మొత్తాలవారీగా ఒకసారి సార్ట్ చేశారంటే వరస సంఖ్య దేనికీ పనికిరాదు.

రాజు: కస్టమర్ రిఫరెన్స్ అనే కాలమ్ ఉంది కదా ఫైల్లో. మనవాళ్లు అందులో 1, 2, 3 అని వేస్తున్నారు.

పద్మ: ప్రతి ఫైల్లోనూ మళ్లీ 1 నుంచే మొదలుపెడుతున్నారు. అందుకే అది దేన్నీ గుర్తు పట్టదు. రిఫరెన్స్ బిల్లు నుంచి పుట్టాలి. ఐస్ ఆయన రెండు బిల్లుల నంబర్లు 4471, 4472. మొదటిసారి పంపేటప్పుడు రిఫరెన్స్ `B4471A1`, `B4472A1` అని ఉండాలి. చివరి అంకె ఎన్నో ప్రయత్నమో చెబుతుంది. ఏదైనా ఖాయంగా విఫలమైతే, డబ్బు తిరిగొచ్చిందని చూశాక, రెండో ప్రయత్నానికి `B4472A2` అని పెడతాం. మొదటి ప్రయత్నం ముగిసిందని రుజువయ్యే దాకా రెండోదానికి నంబరు ఇవ్వకూడదు. నేను పట్టుబట్టేది ఈ ఒక్క నియమం మీదే.

రాజు: ఇందులో నాకో ఇబ్బంది ఉంది. పాత రిఫరెన్స్‌తోనే మళ్లీ పంపితే బ్యాంకే డూప్లికేట్ అని ఆపేస్తుంది కదా. మనం ఇంత తలకెత్తుకోవడం ఎందుకు? అదే `B4472A1` మళ్లీ పంపొచ్చు. మొదటిది వెళ్లి ఉంటే బ్యాంకు ఆపుతుంది, లేకపోతే పంపుతుంది.

పద్మ: మన బ్యాంకు అలా చేస్తుందని రాతపూర్వకంగా ఉంటే మీ మార్గమే మేలు. కొన్ని చోట్ల రిఫరెన్స్‌ను ఆ రోజు ఫైళ్లతోనే పోల్చి చూస్తారు, మర్నాడు అదే రిఫరెన్స్ వస్తే కొత్తదిగా తీసుకుంటారు. కొన్ని చోట్ల చూసేది ఫైలు పేరునే. పేరు చివర `_1` తగిలిస్తే అది వాళ్లకు వేరే ఫైలు. నిన్న రాత్రి పోర్టల్ బిగుసుకుపోయి ఎర్రగా ఎర్రర్ చూపించినప్పుడు మనవాళ్లు చేయబోయింది అదే. మొదటి ఫైలు అప్పటికే బ్యాంకుకు చేరింది, తెర మాత్రం చేరలేదని చూపించింది. ఫైల్ స్టేటస్ పేజీలో చూడకుండా పేరు మార్చి ఎక్కించి ఉంటే బ్యాంకు తీసుకున్న 116 లైన్లూ రెండుసార్లు పోయేవి. బ్యాంకు చేసే తనిఖీని రెండో తాళంగానే లెక్కేస్తాను. మొదటి తాళం మన దగ్గరే ఉండాలి.

రాజు: సరే, పెండింగ్ మూడింటి మాటకు వద్దాం. ఐస్ ₹46,000, లారీలు ₹1,04,000, అట్టపెట్టెలు ₹1,25,000. మూడూ ఐఎంపీఎస్. ఐఎంపీఎస్ అంటే క్షణాల్లో పడేది. రాత్రి వెళ్లింది పొద్దున దాకా పెండింగ్ అంటే పోయినట్టే కదండీ?

పద్మ: సగటున చూస్తే మీ మాట నిజమే కావచ్చు. కానీ పెండింగ్ అంటే అర్థం ఇది. మన బ్యాంకు అటువైపు మెసేజ్ పంపింది, టైములోపు జవాబు రాలేదు. జవాబు రాకపోవడానికి రెండు కారణాలుండొచ్చు. మెసేజ్ అటు చేరకముందే ఆగిపోయి ఉండొచ్చు. లేదా చేరి, ఖాతాలో డబ్బు పడి, వాళ్ల జవాబు తిరిగొచ్చే దారిలో ఆగిపోయి ఉండొచ్చు. మన తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. బ్యాంకులు తర్వాత తమ లెక్కలు సరిపోల్చుకున్నాకే ఏది జరిగిందో తేలుతుంది.

రాజు: ఆ తర్వాత అంటే ఎప్పుడు? నేను వెండర్‌కి ఏం చెప్పాలి?

పద్మ: దానికి హద్దు ఉంది. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు గడువులు పెట్టింది. ఐఎంపీఎస్‌లో మన ఖాతా నుంచి కట్టయి అవతల పడకపోతే, మర్నాటికల్లా డబ్బు తనంతట తానే వెనక్కి రావాలి. ఆ గడువు దాటితే రోజుకు ₹100 చొప్పున పరిహారం ఇవ్వాలి. కాబట్టి నేను అడిగేది అంతులేని నిరీక్షణ కాదు. శుక్రవారం రాత్రి వెళ్లినవి శనివారం ముగిసేలోపు రెండింట్లో ఒక రూపం తీసుకోవాలి. ఒకటి, ఆర్‌ఆర్‌ఎన్ అని పన్నెండు అంకెల నంబరుతో సక్సెస్. లేదా మన ఖాతాలో రివర్సల్. ఈ రెండూ జరగకపోతే బ్యాంకుకు మన రిఫరెన్స్ పెట్టి రాస్తాం, తుది స్థితి రాతలో అడుగుతాం. అంతవరకు ఆ మూడింటినీ ఎవరూ ముట్టుకోకూడదు.

రాజు: మీరిక్కడే నా బాధ చూడట్లేదు. ఐస్ ఆయనకు మనం ఒకళ్లమే కాదు. ఇవాళ డబ్బు లేదంటే రేపు తెల్లవారుజామున బండి పంపడు. చెరువు దగ్గర రొయ్యలు పట్టాక ఐస్ లేకపోతే గంటల్లో సరుకు దెబ్బతింటుంది. ₹46,000 రెండుసార్లు పోయినా వచ్చే వారం బిల్లులో కోసుకుంటాం. ఆ సరుకు పోతే ఎవరి బిల్లులో కోస్తాం? ఆగడానికి కూడా ఖరీదుంది. మీ పుస్తకాల్లో ఆ ఖర్చు కనిపించదు, అంతే.

పద్మ: ఐస్ ఆయన విషయంలో మీరు చెప్పేది కాదనను. కానీ మీ వాదన మూడు లైన్లకూ నిలవదు. లారీల వాళ్లలో ఒక్కసారి వచ్చి వెళ్లినవాళ్లున్నారు. ₹1,04,000 రెండుసార్లు పడితే వాళ్ల తర్వాతి బిల్లు మన దగ్గర ఉండదు. ఖాతాలో పడిన డబ్బును అవతలివాళ్లు ఒప్పుకోకుండా మన బ్యాంకు వెనక్కి లాగలేదు. ఫోన్లు చేసుకుంటూ, ఉత్తరాలు రాసుకుంటూ, చివరికి సగంతో సర్దుకుంటూ ఉండిపోతాం. అప్పుడూ ఒక చిన్నవాడికి ఇవ్వాల్సిన డబ్బే ఇంకొకరి దగ్గర ఇరుక్కుంటుంది.

రాజు: అందరికీ కాదు, ఐస్ ఆయనకే అడుగుతున్నాను.

పద్మ: అయితే దాన్ని ఆ పేరుతోనే చేద్దాం. 4472 బిల్లుకు మళ్లీ చెల్లించామని రాయను, ఆ లైను పెండింగ్‌లోనే ఉంటుంది. ఆయనకు ₹46,000 అడ్వాన్స్ అని కొత్త వోచర్ వేయండి. మీ సంతకం, డైరెక్టర్ గారి సంతకం రెండూ ఉండాలి. పెండింగ్‌ది తర్వాత సక్సెస్ అయితే ఆ అడ్వాన్స్ వచ్చే బిల్లులో కోసుకుంటాం. రివర్స్ అయితే ఆ అడ్వాన్స్‌ను 4472 బిల్లుకే సర్దుతాం. తెలిసి ఇచ్చినది అడ్వాన్స్ అవుతుంది. తెలియక రెండోసారి పంపినది వసూలు చేయాల్సిన బాకీ అవుతుంది. ఆడిటర్ ముందు ఈ రెండూ ఒకటి కావు.

రాజు: అడ్వాన్స్ వోచర్‌కి రెండు సంతకాలంటే సాయంత్రమవుతుంది.

పద్మ: సాయంత్రం అయినా తెల్లవారుజామున బండి రావడానికి సరిపోతుంది కదండీ.

ఈ పద్ధతికి కూడా ఒక హద్దుండాలని నా అభిప్రాయం. ప్రతి పెండింగ్ లైనుకూ అడ్వాన్స్ వోచర్ వేసుకుంటూ పోతే అది దొడ్డిదారిన రెండోసారి చెల్లించడమే. వారం వారం సరుకు వేసే వెండర్‌కి, వచ్చే బిల్లును మించని మొత్తానికి మాత్రమే ఇది చెల్లుతుంది.

రాజు: ఇక మళ్లీ పంపే ఫైలు. ఇది నా మనిషి చేస్తాడు, పాత ఫైల్లో ఫిల్టర్ పెట్టి ఫెయిలైనవి మాత్రమే కనబడేలా చేసి సేవ్ చేస్తాడు.

పద్మ: వద్దండీ. నాకు అన్నిటికన్నా భయం వేసేది అక్కడే. ఎక్సెల్లో ఫిల్టర్ పెడితే మిగతా లైన్లు కనబడకుండా ఉంటాయి, పోవు. అదే షీటును CSVగా సేవ్ చేస్తే దాక్కున్న లైన్లు కూడా ఫైల్లోకి వెళ్తాయి. మీవాడి తెర మీద ఎనిమిది కనిపిస్తాయి, బ్యాంకుకు 120 వెళ్తాయి. రెండుసార్లు చెల్లింపులు జరిగే దారుల్లో ఇదొకటి. ఇందులో ఎవరికీ దురుద్దేశం ఉండదు, చేసినవాడికి జరిగిందని కూడా తెలియదు.

రాజు: మరి ఎలా చేయాలంటారు?

పద్మ: పాత ఫైలులోంచి తీసివేస్తూ రాకూడదు. ఖాళీ ఫైలుతో మొదలుపెట్టి, చెల్లించాల్సిన బిల్లుల జాబితాలోంచి తీసుకుంటూ రావాలి. బిల్లుల పుస్తకంలో ప్రతి బిల్లుకూ ఒక స్థితి రాస్తాం. చెల్లింది, తిరస్కరణ, తిరిగొచ్చింది, తేలనిది. తిరస్కరణ, తిరిగొచ్చింది అన్నవి మాత్రమే కొత్త ఫైల్లోకి రావాలి. చెల్లిన 109, తేలని 3 కలిపి 112 బిల్లుల నంబర్లు `Hold` అనే షీట్లో ఉంచుతాను. కొత్త ఫైలు A కాలమ్‌లోనూ ప్రయత్నం అంకె లేకుండా `B4472` లాంటి బిల్లు నంబరే ఉండాలి. దాని పక్కన ఒక కాలమ్‌లో ఈ సూత్రం.

```
=COUNTIF(Hold!A:A, A2)
```

ప్రతి లైనుకూ జవాబు సున్నా రావాలి. ఒక్కచోట 1 కనిపించినా ఫైలు ఆగాలి. బిల్లు నంబరు ముందు `B` అనే అక్షరం ఎందుకు పెట్టానని అడగలేదు మీరు. ఈ సూత్రం ఉత్త అంకెల్ని సంఖ్యగా చూస్తుంది. ఎక్సెల్ పదిహేను అంకెల వరకే కచ్చితంగా పోలుస్తుంది, ఆ తర్వాతివి వేరైనా ఒకటే అంటుంది. పొడుగాటి అంకెల రిఫరెన్స్ పెడితే తప్పుడు జవాబు వస్తుంది. అక్షరం ఉంటే ఆ గొడవ లేదు.

రాజు: ఖాతా నంబర్లకూ ఆ గొడవే కదా అయింది.

పద్మ: అదే. తిరిగొచ్చిన నాలుగింట్లో మూడు, ₹1,20,000, ₹90,000, ₹82,000, 'అలాంటి ఖాతా లేదు' అన్న కారణంతో వచ్చాయి. ముగ్గురివీ సున్నాతో మొదలయ్యే నంబర్లు. ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టకుండా తెరవడంతో ముందున్న సున్నా ఎగిరిపోయింది. `E+10` అయినది బ్యాంకు వాకిట్లోనే దొరికిపోయింది, అది అదృష్టం. సున్నా పోయిన నంబరు నిజంగా ఇంకొకరి ఖాతా నంబరు అయి ఉంటే రిపోర్టులో సక్సెస్ అనే వచ్చేది. ఎన్‌ఈఎఫ్‌టీ, ఆర్‌టీజీఎస్‌లలో డబ్బు వేసేది ఖాతా నంబరు చూసే, పేరు చూసి కాదు. పంపేముందు ఖాతాదారు పేరు చూసుకునే సౌకర్యం బ్యాంకులు 2025 ఏప్రిల్ 1 లోపు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. కొత్త వెండర్‌ని మాస్టర్లో ఎక్కించేటప్పుడు అది వాడాలి.

రాజు: అయితే ఎనిమిది లైన్లూ ఇవాళ వెళ్తాయి. ₹5,50,000.

పద్మ: ఏడు. ₹48,000ది ఖాతా మూసేశారని తిరిగొచ్చింది. ఆ రైతు కొత్త ఖాతా నంబరు పొద్దున మీకు వాట్సాప్‌లో పంపారన్నారు.

రాజు: ఆయన నాకు పదేళ్లుగా తెలుసండీ.

పద్మ: ఆయన తెలుసు, ఆ మెసేజ్ పంపింది ఆయనేనా అన్నది తెలియాలి. పేమెంట్ ఫెయిలైందని తెలిసిన సమయంలోనే ఖాతా మార్చమని మెసేజ్ వస్తే, నాకు కొత్త వెండర్‌తో సమానం. మాస్టర్లో ముందునుంచీ ఉన్న ఫోన్ నంబరుకు మీరే చేసి మాట్లాడండి. పాస్‌బుక్ మొదటి పేజీ గానీ, క్యాన్సిల్డ్ చెక్కు గానీ తెప్పించండి. సాయంత్రంలోపు వస్తే విడిగా పంపేస్తాను. అది తీసేస్తే ఏడు లైన్లు, ₹5,02,000. అప్రూవ్ చేసే డైరెక్టర్ గారికి ఈ రెండు అంకెలూ ముందే మెసేజ్ పెడతాను. ఆయన తెర మీద 7, ₹5,02,000 కనబడితేనే నొక్కాలి. ఇంకే అంకె ఉన్నా వద్దనాలి. ఆయన ఏడు లైన్లూ చదవకపోయినా, 120 లైన్ల ఫైలు పొరపాటున వచ్చి ఉంటే అక్కడ ఆగిపోతుంది.

రాజు: ఒక్కటి అడుగుతాను. ఫైలుకంతా ఒకే డెబిట్ కాకుండా లైనుకొక డెబిట్ వేయమంటే ఈ వెతుకులాట తగ్గదా? స్టేట్‌మెంట్లోనే ప్రతిదీ దాని రిఫరెన్స్‌తో కనబడుతుంది.

పద్మ: తగ్గుతుంది. స్టేట్‌మెంట్ పొడుగవుతుంది, టాలీలో ఎంట్రీలు పెరుగుతాయి. ఇన్నాళ్లూ ఆ కారణంతోనే మనవాళ్లు ఒకే డెబిట్ ఉంచుకున్నారు. ఇవాళ్టి తర్వాత ఆ కారణం నాకు చిన్నదిగా కనిపిస్తోంది. సోమవారం బ్యాంకుకు ఉత్తరం పెడతాను. డూప్లికేట్ రిఫరెన్స్‌ను ఎన్ని రోజుల వరకు పోల్చి చూస్తారో కూడా అందులోనే అడుగుతాను. మీరడిగిన మార్గం సాధ్యమో కాదో అప్పుడు తెలుస్తుంది.

రాజు: పెండింగ్ ముగ్గురికీ నేనేం చెప్పాలి? 'సర్వర్ డౌన్' అని చెప్పి చెప్పి నా మాటకు విలువ పోయింది.

పద్మ: ఉన్నది చెప్పండి. శుక్రవారం రాత్రి మన ఖాతా నుంచి కట్టయింది, మీ బ్యాంకు నుంచి జవాబు రాలేదు, ఇవాళ రాత్రిలోపు మీకు పడుతుంది లేదా మాకు తిరిగొస్తుంది, తిరిగొస్తే రేపు పొద్దునే మళ్లీ పంపుతాం అని. బ్యాంకు రిఫరెన్స్ నంబర్లు మూడూ మీకు రాసిస్తాను. వాళ్లు తమ బ్రాంచిలో అడగాలంటే పనికొస్తాయి.

రాజు: రేపు ఆదివారం.

పద్మ: ఎన్‌ఈఎఫ్‌టీకి ఆదివారం లేదు, ఇందాక మీరే అన్నారు. స్టేట్‌మెంట్ నేను ఇంటి నుంచి చూస్తాను. రివర్సల్ కనబడితే `A2` లైను చేసి డైరెక్టర్ గారికి పంపుతాను.

రాజు: ఐస్ ఆయన అడ్వాన్స్ వోచర్ ఇప్పుడే రాస్తున్నాను. లారీ ఆయనకు కూడా రాస్తే బాగుంటుందని అనిపిస్తోంది.

పద్మ: నేను మాత్రం వద్దనే అంటాను. ఆయన మన దగ్గర మళ్లీ ఎప్పుడు లోడు వేస్తారో చెప్పండి, తేదీ ఉంటే ఆలోచిస్తాను.

రాజు: తేదీ అడిగి వస్తాను. ఏడు లైన్ల ఫైలు ఈలోపు పంపించేయండి.